ఎర్ర వెలుగు చాలని చోట

ఆప్టికల్ కేబుల్ ఒక కొసను టీవీ వెనక పెట్టి, రెండో కొసను అరచేతి వైపు తిప్పి చూడండి. చర్మం మీద చిన్న ఎర్ర చుక్క పడుతుంది. టీవీలోంచి వస్తున్న సౌండ్ అంతా ఆ చుక్కలోనే ఉంది. ఒక చిన్న ఎల్ఈడీ సెకనుకు పదుల లక్షల సార్లు ఆరి వెలుగుతుంటే, మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ పోగు ఆ మినుకును అవతలి పెట్టెకు చేరవేస్తుంది. ఈ పద్ధతిని తోషిబా 1983లో తెచ్చింది, అందుకే దానికి టాస్‌లింక్ అనే పేరు. అప్పట్లో దాని పని సీడీ ప్లేయర్‌ను యాంప్లిఫయర్‌కు కలపడం. సీడీలో ఉండేది ఎడమ, కుడి రెండే ఛానళ్లు, కాబట్టి దారిని కూడా రెండు ఛానళ్లు పట్టేంతే వేశారు. హోమ్ థియేటర్ కొనేవాళ్లు ఆప్టికల్ పెట్టాలా, టీవీ మీద HDMI eARC అని రాసి ఉన్న పోర్టు వాడాలా అని తేల్చుకోలేకపోతుంటారు. ఆ దారి ఎంత వెడల్పు ఉందో, ఇంట్లో ఏ పెట్టె నుంచి ఎంత సరుకు బయల్దేరుతుందో లెక్కేసుకుంటే ఆ సందేహం చాలావరకు తీరిపోతుంది.

లెక్క చిన్నదే. సినిమా సౌండ్‌ను సాధారణంగా సెకనుకు 48 వేల సార్లు కొలుస్తారు, ఒక్కో కొలతను 24 బిట్లలో రాస్తారు. రెండు ఛానళ్లకు 2 × 24 × 48,000 అంటే సెకనుకు 23 లక్షల 4 వేల బిట్లు. ఇది ఆప్టికల్‌లో సుఖంగా పోతుంది, ఒక్క బిట్ కూడా రాలిపోదు. ముందున మూడు, వెనక రెండు, ఒక సబ్‌వూఫర్ ఉండే 5.1కి వచ్చేసరికి లెక్క 69 లక్షల 12 వేలవుతుంది. 7.1కి 92 లక్షల 16 వేలు, అంటే సరిగ్గా నాలుగు రెట్లు. స్టీరియోకి మించి పంపాల్సి వస్తే ఆప్టికల్‌లో ఇంకో నిబంధన కూడా ఉంది. నొక్కిన సరౌండ్ సౌండ్‌ను ఆ రెండు ఛానళ్ల వేషంలో పంపే పద్ధతి ఒక్కో ఛానల్‌లో 16 బిట్ల జాగానే వాడుకుంటుంది, అంటే సెకనుకు 15 లక్షల 36 వేలు. డీవీడీ రోజుల డీటీఎస్ గరిష్ఠంగా 15 లక్షల చిల్లర దగ్గరే ఆగిందంటే, సరిగ్గా ఈ పెట్టెలో పట్టేలా కొలిచి కుట్టినట్టే ఉంటుంది. డాల్బీ డిజిటల్ అయితే 6 లక్షల 40 వేల దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కడ తెలివైన పాఠకుడికి ఒక అనుమానం రావాలి. కంప్యూటర్‌లో ఫైళ్లను జిప్ చేస్తే సైజు తగ్గుతుంది, విప్పితే అక్షరం పోకుండా తిరిగొస్తుంది. సౌండ్‌నూ అలాగే మడిచి పంపొచ్చు కదా? లాస్‌లెస్ అనే మాటకు అర్థం అదే. డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో చేసే పని కూడా అదే. చిక్కేమిటంటే, నష్టం లేకుండా మడవాలంటే సైజు ఎంతకు తగ్గాలో మనం శాసించలేం. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇద్దరు మాట్లాడుకునే సీను బాగా మడతపడుతుంది. అద్దాలు పగిలి, వాన కురిసి, అన్ని స్పీకర్లలో ఒకేసారి వేర్వేరు మోతలు మోగే సీను దాదాపు మడతపడదు. అందుకే ట్రూహెచ్‌డీకి సెకనుకు 1 కోటి 80 లక్షల బిట్ల దాకా, డీటీఎస్-హెచ్‌డీకి 2 కోట్ల 45 లక్షల దాకా జాగా వదిలారు. సగటు అందులో ఎంతో తక్కువే ఉండొచ్చు, కానీ సగటు పట్టినంత మాత్రాన లాభం లేదు. వంతెన కట్టేవాడు వరద మట్టం చూసుకోవాలి కదా. పైగా ఈ రెండింటినీ ఆప్టికల్‌లో పంపే పద్ధతే ఏ ప్రమాణంలోనూ లేదు. గాజు పోగుతో చేసి, బంగారు పూత తల పెట్టి, వేల రూపాయలకు అమ్మే ఆప్టికల్ కేబుల్ కొన్నా ఇది మారదు. వెలుతురు వేగంగానే పోతుంది, కానీ రెండు కొసల్లో ఉన్న చిప్‌లు మాట్లాడుకునే భాష ఆ పాత భాషే.

అయితే ఇంత ఇరుకు దారిలో కూడా బ్లూ-రే డిస్క్ పెడితే సౌండ్ వస్తూనే ఉంటుంది, వెనక స్పీకర్లు కూడా మోగుతాయి. మోసపోయేది ఇక్కడే. డిస్క్ తయారుచేసినవాళ్లు పాత పెట్టెలున్నవాళ్లను దృష్టిలో పెట్టుకున్నారు. ట్రూహెచ్‌డీ ఉన్న ప్రతి బ్లూ-రేలో దాని పక్కనే మామూలు డాల్బీ డిజిటల్ ట్రాక్ కూడా తప్పనిసరిగా ఉంటుంది. డీటీఎస్-హెచ్‌డీ అయితే గింజలో పప్పులా లోపల పాత డీటీఎస్‌నే దాచుకుని, మిగతా వివరాన్ని పొట్టులా చుట్టూ కట్టుకుంటుంది. దారి ఇరుగ్గా ఉందని ప్లేయర్‌కు తెలిస్తే చిన్న ట్రాక్‌నే పంపిస్తుంది. తెర మీద హెచ్చరిక రాదు, సౌండ్ ఆగదు. కాబట్టి ఈ వ్యవహారంలో చెవిని కాక సౌండ్‌బార్ లేదా ఏవీ రిసీవర్ ముఖం మీద వచ్చే అక్షరాలను నమ్మాలి. అక్కడ Dolby TrueHD అని గానీ DTS-HD MSTR అని గానీ పడితే సరుకు మొత్తం చేరినట్టు. Dolby Digital అని మాత్రమే పడితే దారిలో ఎక్కడో కుదించారని అర్థం. PCM 2.0 అని పడితే టీవీ మొత్తాన్ని రెండు ఛానళ్లకు కలిపేసిందన్నమాట.

ఇప్పుడు రెండో దారి. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌లో బొమ్మా సౌండూ టీవీ వైపు పోతాయి. టీవీ నుంచి సౌండ్ అదే కేబుల్‌లో వెనక్కి రావడానికి 2009లో 1.4 ప్రమాణంతో ఆర్క్ అనే ఏర్పాటు వచ్చింది. పేరు కొత్తదే గానీ లోపల నడిచింది ఆప్టికల్‌లో నడిచే రకం సిగ్నలే. కాస్త మెరుగేమిటంటే, ఓటీటీలు వాడే డాల్బీ డిజిటల్ ప్లస్‌ను, దానిమీద ఎక్కి వచ్చే అట్మాస్‌ను ఆర్క్ మోయగలదు. ఆప్టికల్ మోయలేదు. ట్రూహెచ్‌డీ మాత్రం ఆర్క్ వల్ల కూడా కాదు. 2017లో 2.1 ప్రమాణంతో వచ్చిన ఈ-ఆర్క్ ఈ పాత సిగ్నల్‌ను వదిలేసి, అదే కేబుల్‌లోని రెండు తీగలను జంటగా వాడుకుంటూ కొత్త పద్ధతి పెట్టింది. సామర్థ్యం సెకనుకు సుమారు 3 కోట్ల 70 లక్షల బిట్లు. ఈ అంకె ఎక్కడిదో చూడాలంటే 8 × 24 × 1,92,000 గుణించండి, 3 కోట్ల 68 లక్షల 64 వేలు వస్తుంది. ఎనిమిది ఛానళ్లను అత్యధిక నాణ్యతలో, మడవకుండా, ఉన్నదున్నట్టు పంపినా పట్టేలా కట్టారన్నమాట. వరద మట్టం 2 కోట్ల 45 లక్షలు, వంతెన ఎత్తు 3 కోట్ల 70 లక్షలు. లాస్‌లెస్ సరౌండ్ టీవీ గుండా రావాల్సి ఉంటే పోటీ ఇక్కడితో ముగిసింది.

కానీ ఆ వాక్యంలో ఒక షరతు ఉంది, టీవీ గుండా రావాల్సి ఉంటే అని. ఇంకో షరతు దాగి ఉంది, లాస్‌లెస్ సరుకు ఇంట్లో అసలు ఉంటే అని. కొత్త సౌండ్‌బార్ కొనేవాళ్లలో చాలామంది చూసేది ఓటీటీలే. నెట్‌ఫ్లిక్స్ తన అట్మాస్‌కు 2019లో ప్రకటించిన గరిష్ఠ పరిమితి సెకనుకు 7 లక్షల 68 వేల బిట్లు. అది డాల్బీ డిజిటల్ ప్లస్, అంటే చెవికి పెద్దగా తెలియని వివరాన్ని శాశ్వతంగా కోసేసిన సౌండ్. 3 కోట్ల 70 లక్షల వెడల్పున్న రోడ్డు మీద 8 లక్షలైనా లేని బండి పోతే బండి పెద్దదైపోదు. టీవీ యాప్‌లలోనే సినిమాలు చూసే ఇంట్లో మామూలు ఆర్క్‌కూ ఈ-ఆర్క్‌కూ నాణ్యతలో తేడా ఉండదు. ఆప్టికల్‌తో మాత్రం తేడా వస్తుంది. డాల్బీ డిజిటల్ ప్లస్ అందులో పోదు కాబట్టి టీవీ దాన్ని విప్పి మామూలు డాల్బీ డిజిటల్‌గా మళ్లీ కడుతుంది. కప్పు వైపు మోగాల్సిన అట్మాస్ వివరం అక్కడే పోతుంది. లాస్‌లెస్ సరౌండ్ నిజంగా పుట్టే చోట్లు ఇంట్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: బ్లూ-రే ప్లేయర్, గేమ్ కన్సోల్, డిస్క్ నుంచి తీసిన ఫైళ్లు ఆడే మీడియా ప్లేయర్. కన్సోల్‌ను చాలామంది మరిచిపోతారు. ఆటలో తుపాకీ ఏ మూల పేలాలో అప్పటికప్పుడు లెక్కవేసి, మడవని ఎనిమిది ఛానళ్లను నేరుగా పంపేది అదే.

ఒక ఇంటిని తీసుకుని చూద్దాం. విజయవాడలో ఒక ఫ్లాటు, హాల్లో గోడకు 55 అంగుళాల టీవీ, కింద 5.1.2 సౌండ్‌బార్. ఆ బార్ వెనక ఒక ఈ-ఆర్క్ పోర్టు, ఒక ఆప్టికల్ సాకెట్ ఉన్నాయి, విడిగా హెచ్‌డీఎమ్‌ఐ ఇన్‌పుట్ లేదు. 4కే బ్లూ-రే ప్లేయర్ టీవీకే తగిలించి ఉంది. బార్ బిగించడానికి వచ్చిన కుర్రాడు పెట్టెలో దొరికిన ఆప్టికల్ పెట్టి, సౌండ్ వచ్చిందని చూపించి వెళ్లిపోయాడు. ట్రూహెచ్‌డీ అట్మాస్ ఉన్న డిస్క్ పెడితే బార్ మీద PCM అని పడుతోంది. కారణమేమిటంటే, ప్లేయర్ ఏం పంపాలో నిర్ణయించుకునే ముందు టీవీని నువ్వేం అందుకోగలవని అడుగుతుంది. తన సొంత రెండు స్పీకర్లను లెక్కలో పెట్టుకుని ఈ టీవీ స్టీరియో అని జవాబిస్తోంది, ప్లేయర్ అక్కడే కుదించేస్తోంది. టీవీ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్‌ను PCM నుంచి Pass Through కి మారిస్తే బార్ మీద Dolby Digital వచ్చింది. 5.1 దొరికింది, ఆప్టికల్‌తో ఇక ఇంతకు మించి రాదు.

ఇప్పుడు ఆప్టికల్ తీసేసి హెచ్‌డీఎమ్‌ఐ పెట్టాలి, అదీ టీవీలో ఏ పోర్టుకు పడితే ఆ పోర్టుకు కాదు. మూడు నాలుగు పోర్టులున్నా సాధారణంగా ఒకదానికే ఈ-ఆర్క్ ఉంటుంది, పక్కన రాసి ఉంటుంది. సౌండ్ అవుట్‌పుట్‌లో ఆ పోర్టును ఎంచుకుని, eARC అనే వరసను విడిగా On చేయాలి. కొన్ని టీవీల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది, ఆఫ్‌లో ఉంటే పాత ఆర్క్‌లా నడుస్తుంది తప్ప తప్పు చూపించదు. ఇంత చేసినా మన ఫ్లాటులో బార్ మీద Dolby Digital అనే పడుతుంది. ఈసారి దొంగ టీవీలో లేడు, ప్లేయర్‌లో ఉన్నాడు. మెనూ నొక్కినప్పుడు వచ్చే టిక్కుటిక్కు శబ్దాలను, దర్శకుడి వ్యాఖ్యానాన్ని సినిమా సౌండ్‌లో కలపడానికి ప్లేయర్లలో ఒక సెట్టింగు ఉంటుంది. కొన్నింట్లో దాన్ని BD Audio MIX Setting అంటారు, కొన్నింట్లో Secondary Audio. కలపాలంటే మడత విప్పాలి, విప్పాక మళ్లీ ట్రూహెచ్‌డీగా కట్టే శక్తి ప్లేయర్‌కు లేదు, అందుకని మామూలు డాల్బీగా కట్టి పంపుతుంది. దాన్ని Off చేసి, డిజిటల్ ఆడియోను Bitstream లో పెట్టగానే బార్ మీద అక్షరాలు మారతాయి. మెనూలో టిక్కుటిక్కులు పోతాయి, ఎవరూ బెంగపడరు.

ఇదే ఇంట్లో డీటీఎస్-హెచ్‌డీ డిస్క్ పెడితే మరో గోడ అడ్డు రావొచ్చు. ఈ-ఆర్క్ మోయగలిగినంత మాత్రాన టీవీ ఒప్పుకోవాలని లేదు. ఎల్‌జీ 2020 నుంచి 2022 దాకా తెచ్చిన టీవీల్లో డీటీఎస్‌ను తీసేసి, 2023లో కొన్ని మోడళ్లలో తిరిగి పెట్టింది. అలాంటి టీవీ అయితే ప్లేయర్‌నే విప్పమని PCM లో పెట్టొచ్చు. బహుళ ఛానళ్ల PCM ను టీవీ దాటనిస్తే 7.1 దాకా నష్టమేమీ లేకుండా చేరుతుంది. ఎత్తు స్పీకర్ల కోసం రాసిన సమాచారం మాత్రం దారిలోనే రాలిపోతుంది. కొనేముందు టీవీ పెట్టె మీద హెచ్‌డీఎమ్‌ఐ 2.1 అన్న అంకె చూసి నిశ్చింతగా ఉండటం కూడా పొరపాటే. ఆ ప్రమాణంలో ఈ-ఆర్క్ తప్పనిసరి అంశం కాదు. ఈ-ఆర్క్ అన్న మాటే విడిగా కనపడాలి, టీవీకీ బార్‌కూ రెండింటికీ.

ఏవీ రిసీవర్ ఉన్నవాళ్లకు ఇంత యాతన అక్కర్లేదు, ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. హెచ్‌డీఎమ్‌ఐ 2006లోనే, 1.3 ప్రమాణంతోనే, ట్రూహెచ్‌డీని, డీటీఎస్-హెచ్‌డీని ముందు దిశలో మోయడం నేర్చింది. ప్లేయర్‌ను టీవీకి కాక నేరుగా రిసీవర్ ఇన్‌పుట్‌కు తగిలించి, అక్కడి నుంచి బొమ్మను టీవీకి పంపితే లాస్‌లెస్‌కు ఈ-ఆర్క్ అవసరమే లేదు. పదేళ్ల నాటి రిసీవర్ చాలు. టీవీకి ఈ-ఆర్క్ లేదని టీవీ మార్చేయాలనుకునేవాళ్లు ముందు ఈ తీగ తిప్పి చూడాలి. రిసీవర్ పాతదై 4కే బొమ్మను దాటనివ్వకపోతేనే ఇబ్బంది. దానికీ విరుగుడుంది. కొన్ని 4కే ప్లేయర్లకు రెండు హెచ్‌డీఎమ్‌ఐ అవుట్‌పుట్లుంటాయి, ఒకటి బొమ్మకు టీవీకి, ఒకటి సౌండ్‌కు రిసీవర్‌కు. నా మటుకు ఈ-ఆర్క్ అసలు గిరాకీ రిసీవర్ల దగ్గర కాదు, ఇన్‌పుట్లు లేని సౌండ్‌బార్ల దగ్గర.

ఇదంతా సరే, ఆ తేడా చెవికి తెలుస్తుందా అని అడిగితే, చాలా ఇళ్లలో తెలియదనే చెప్పాలి. సన్నటి బార్‌లోని రెండంగుళాల స్పీకర్లలో, ఫ్యాను తిరిగే హాల్లో, 6 లక్షల 40 వేల బిట్ల డాల్బీ డిజిటల్‌నూ ట్రూహెచ్‌డీనీ కళ్లకు గంతలు కట్టి విడదీయగలవాళ్లు అరుదు. ఇంట్లో పోల్చేటప్పుడు ఒక మెట్టు బిగ్గరగా మోగినదే మెరుగ్గా అనిపిస్తుంది. ఒకే సినిమా రెండు ట్రాకులు ఒకే వాల్యూమ్‌లో మోగాలని లేదు కాబట్టి ముందు దాన్ని సరిచేయకుండా ఇచ్చే తీర్పుకు విలువ లేదు. కానీ ఈ ఒప్పుకోలు ఆప్టికల్‌ను గెలిపించదు. ఇన్‌పుట్లు లేని బార్‌లో తేడా చెవికి లాస్‌లెస్ వల్ల తెలియకపోయినా ఎత్తు స్పీకర్ల వల్ల తెలుస్తుంది. ఆప్టికల్‌తో ఆ రెండు స్పీకర్లకు అసలు సరుకు అందదు, బార్ ఊహించి ఏదో మోగిస్తుంది. డబ్బు పెట్టి కొన్న స్పీకర్లకు పని చెప్పడానికైనా ఆప్టికల్‌ను వదలాలి.

ఈ-ఆర్క్ మొండికేస్తుందన్న ఫిర్యాదు అబద్ధం కాదు. రెండు కొసలూ మాట్లాడుకుని ఒప్పందానికి వచ్చాకే సౌండ్ మొదలవుతుంది, ఆ మాటలు తేడా కొడితే సగం సినిమాలో సెకను పాటు నిశ్శబ్దం, లేదా టీవీ తన స్పీకర్లకు మారిపోవడం. టీవీని, బార్‌ను రిమోట్‌తో కాదు, ప్లగ్గు దగ్గరే ఆపి, ఒక నిమిషం ఆగి, ముందు టీవీ, తర్వాత బార్ వేస్తే చాలాసార్లు కుదురుకుంటుంది. కుదరకపోతే కేబుల్ మార్చి చూడాలి. ఖరీదైనదేం అక్కర్లేదు, ఈథర్‌నెట్ ఉన్న మంచి హై-స్పీడ్ కేబుల్ చాలు, ఎందుకంటే ఈ-ఆర్క్ వాడుకునే వెడల్పు బొమ్మ వాడుకునే దానిలో వందో వంతు కూడా ఉండదు. ఆప్టికల్‌కు ఈ తలనొప్పులేవీ లేవు, పెడితే పలుకుతుంది. దానికి ఇంకో సుగుణం ఉంది. ప్లాస్టిక్ పోగులో కరెంటు పోదు కాబట్టి, కేబుల్ ఆపరేటర్ తీగ వల్లనో ఎర్తింగు తేడా వల్లనో యాంప్లిఫయర్‌లో వచ్చే గుయ్‌మనే హోరు దానితో తెగిపోతుంది. టీవీ నుంచి పాత స్టీరియో యాంప్లిఫయర్‌కు పాటలు, వార్తలు, సీరియళ్లు వినే ఇంటికి నేను ఆప్టికల్‌నే చెబుతాను. అక్కడ ఉన్నవి రెండు ఛానళ్లు, అవి అందులో బిట్ పోకుండానే వస్తాయి. లాస్‌లెస్ కాదని ఆప్టికల్‌ను తిట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

కొత్త ఇంట్లో గోడలు పగలగొట్టి ఉన్నప్పుడే ఈ నిర్ణయం తీసుకుంటే ఇంకో జాగ్రత్త పడాలి. టీవీకీ రిసీవర్‌కూ మధ్య పది మీటర్లు దాటితే రాగి హెచ్‌డీఎమ్‌ఐకి 4కే బొమ్మ భారమవుతుంది. లోపల ఫైబర్ ఉండే హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ వేస్తారు. దాని తలల మీద ఏది ఏ వైపుకో బాణం గుర్తు ఉంటుంది, తిరగేసి గోడలో పూడిస్తే బొమ్మ రాదు. అలాంటి కేబుళ్లన్నీ ఈ-ఆర్క్‌ను వెనక్కి మోయవు కాబట్టి ఆ మాట పెట్టె మీద ఉందో లేదో చూసే కొనాలి. ఎలక్ట్రీషియన్ అలవాటుగా వేసే 20 ఎం.ఎం. పైపులో ఆప్టికల్ తల జారిపోతుంది గానీ హెచ్‌డీఎమ్‌ఐ తల దూరదు. 25లో బిగుసుకుంటుంది. ఒక్క మలుపున్నా సరే, 40 ఎం.ఎం. పైపు వేయించి, లోపల ఒక నైలాన్ తాడు వదిలి ప్లాస్టరింగ్ చేయించండి.